రెండు గీతల నడుమ పన్నెండు

ఎమ్మిగనూరులో మేరికి పొగరు అంటారు. అననీ. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మకు అంత తల యెత్తుడు ఏమిటికి అని నా ముందరే అనినారు. పోయినేడు ఇన్‌స్పెక్టరు వచ్చి, పిల్ల లెక్క తప్పు చేస్తే ఇంటూ కొట్టి పోవల్ల గానీ ప్రతి పిల్లనూ పిలిచి "ఎట్ల చేసినావో చెప్పు" అని అడుగుతా కూసుంటే పాఠాలు ఎప్పుడు అయితాయి అని గద్దించినాడంట. "మీరు కావాలంటే కుర్చీ యేస్తా, కూసోండి సార్. నేనైతే అడిగే దిద్దుతా" అనిందంట ఈమె. ఆయన కూసోలేదు, వెళ్ళిపోయినాడు. ఊరంతా దాన్నే పొగరు అనింది.

ఆ పొగరు యాడ నుంచి వచ్చిందో కళ్ళారా చూసినదాన్ని నేను. చూసిందే కాదు, అందులో నా పాపమూ ఉంది. అందుకే చెప్తాండా. ఎవరేమన్నా అనుకోండి.

నా పేరు అమృతవల్లి. మా నాయన ఇంద్రసేనయ్యకు ఆదోనిలో పత్తి ఫ్యాక్టరీ ఉండె. మగపిల్లలు లేరు, అందుకని నన్నే చదివిస్తే రేపు ఫ్యాక్టరీ సంగతులు చూస్తుంది అనుకున్నాడు పాపం. మేరి వాళ్ళ నాయన ఇశ్రాయేలు మా ఫ్యాక్టరీలోనే బాయిలరు కాడ పనిచేసేవాడు. బొగ్గు వేసేది, ఆవిరి చూసేది, ప్రెస్సులో నుంచి పత్తి మూట, అదే బేలు, దిగితే లెక్కపెట్టేది, అన్నీ ఆయనే.

ఆయనకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం వచ్చు. బాయిలరు పక్కన గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. ఒక బేలు దిగితే ఒక అడ్డగీత. ఆ బేలుకూ తర్వాతి బేలుకూ నడుమ ఎన్ని గంపల బొగ్గు కాలిందో ఆ అంకె రెండు గీతల సందులో రాసేవాడు. గీత మీద కాదు, సందులోనే. "బొగ్గు కాలేది బేలు దిగినాక కాదు గదమ్మా, ఈ బేలుకూ ఆ బేలుకూ నడుమే గదా కాలేది" అనేవాడు. పొద్దు వాలేకొద్దీ యంత్రానికి దుమ్ము పట్టి, సందుల్లో అంకె పెరిగేది. మూడు గంపల కాడ ఉన్నది ఐదయితే, ఇశ్రాయేలు మా నాయన కాడికి వచ్చి "ఇంక సాలప్పా, ఇంకొక బేలు దింపితే నీకు నష్టం" అనేవాడు. మా నాయన మారుమాట లేకుండా ఆపేసేవాడు. మధ్యాన్నం సద్ది తీసుకొచ్చే మేరీ, ఆటలాడే నేనూ, ఇద్దరమూ ఆ గోడ చదువుకుంటా పెరిగినాము.

నలభై నాలుగులో ఇద్దరమూ ఒకే కాలేజీలో చేరినాము. ఊరి పేరు చెప్పను, రైల్లో పోయే దూరం అంతే. బి.ఏ. ఎకనామిక్సులో ఆడపిల్లలం నలుగురం. నాకు మా నాయన డబ్బు. మేరికి మిషన్ వాళ్ళు ఇచ్చే స్కాలర్‌షిప్పు, నెలకు పదహైదు రూపాయలు. హాస్టలు తిండీ, ఫీజూ అన్నీ దాంట్లోనే. ప్రతి టర్ములోనూ ప్రొఫెసరు ఒక కాగితం మీద సంతకం పెట్టల్ల: చదువు బాగుంది, నడవడి బాగుంది అని. ఆ సంతకం లేకపోతే మేరి మూట సర్దుకొని ఆదోని రైలెక్కాల్సిందే. అంత సులభం.

ఆదోనిలో మేరి నన్ను "అమృతమ్మా" అని పిలిచేది. హాస్టల్లో ఒకే గది మాది. మొదటి రాత్రే చెప్పినా, "ఈడ అమ్మ గిమ్మ అంటే నోరు కుట్టేస్తా" అని. ఆ పొద్దు నుంచి అమృతా అనింది.

ప్రొఫెసరు కృష్ణమూర్తి గారు. మంచి పాఠం చెప్తాడు, కాదనను. కానీ తాను చదివిందే వేదం. వారం వారం లెక్కల సెట్టు ఇచ్చి తానే దిద్దేవాడు. ఆ మూడో సెట్టులో రెండో ప్రశ్న టోపీల ఫ్యాక్టరీది. మా క్లాసులో టోపీ పెట్టేవాడు ఒక్కడూ లేడు, అయినా ఇంగ్లీషు దొరల పుస్తకంలో ఉండె గాబట్టి మాకూ టోపీలే. దినానికి ఒక డజను చేస్తే మొత్తం ఖర్చు 30 రూపాయలు, రెండు డజన్లకు 38, మూడుకు 45, నాలుగుకు 54, ఐదుకు 66, ఆరుకు 82. సగటు ఖర్చు చెప్పండి, మూడు మార్కులు. మార్జినల్ కాస్టు చెప్పండి, అంటే ఇంకొక్క డజను ఎక్కువ చేసేదానికి పైన ఎంత పడుతుందో అది, ఐదు మార్కులు. డజను 14 రూపాయలకు అమ్ముడుపోతే ఎన్ని డజన్ల కాడ ఆపాల, రెండు మార్కులు.

ఇప్పుడు నా పాపం చెప్తా. ఆదివారం మేరి చర్చికి పోయింది. సోమవారం పొద్దున్నే కాగితం ఇయ్యాల. నాకు సోమరితనం. మేరి డెస్కులో ఆమె కాగితం ఉండె. తీసినా, చూసినా, రాసుకున్నా. ఛీ!

ఆ కాగితంలో మేరి, వాళ్ళ నాయన గోడ మాదిరే రాసింది. ఒక గీత మీద ఒక డజను, దాని మొత్తం ఖర్చు. ఒక గీత వదిలి తర్వాతిది. వదిలిన సందుల్లో 8, 7, 9, 12, 16. ఆ అంకెల పైన మార్జినల్ కాస్టు అని పేరు కూడా పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం ఏముంది ఆమెకు, చిన్నప్పటి నుంచి కండ్లకు అలవాటైన రాత. నాకూ అలవాటే గదా. సందులో ఉన్న పన్నెండు నాలుగో డజనుది కాదు, నాలుగు నుంచి ఐదుకు పోయేదానిది అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాలేజీ పద్ధతిలో దాన్ని ఐదో గీత మీదికి దించి, 16ను ఆరో గీత మీదికి దించి, చక్కగా పేరు పెట్టి, "ఐదు డజన్ల కాడ ఆపాల" అని రాసి ఇచ్చినా.

వారం తిరిగినాక కాగితాలు వచ్చినాయి. ఆ ప్రశ్నకు నాకు పదికి పది. మేరికి మూడే, సగటుకు ఇచ్చినవి.

ఆమె కాగితం నిండా ఎర్ర సిరా. సందుల్లోని ప్రతి అంకె కాడ నుంచీ పైగీతకు ఒక బాణం గీసినాడు మహానుభావుడు. అంటే 8 మొదటి డజనుది, 12 నాలుగోది, 16 ఐదోది అని చదివినాడు. ఆరో గీతకు ఏమీ మిగల్లేదు, ఆడ ఒక పెద్ద ప్రశ్నార్థకం. కింద రాసినాడు: "నీ అంకెల ప్రకారం ఐదో డజనుకు 16 పడుతుంది, అమ్మేది 14కు. నాలుగు కాడ ఆపాలి. కానీ ఐదు అని రాశావు. అంకెలు తప్పు, జవాబు ఒప్పు. కాపీ." ఆ చివరి మాట కింద రెండు గీతలు.

తాను తప్పు చదివి, తన తప్పుకే ఆమె మీద నేరం మోపినాడు. అంతే గదా? పైగా ఎవరిని చూసి కాపీ కొట్టిందంటాడు? ఆమె పక్కన కూసునేది నేనే. స్కాలర్‌షిప్పు పిల్ల కొట్టి ఉంటుంది, ఫ్యాక్టరీ యజమాని కూతురు కొట్టి ఉండదు. ఆ ఆలోచన ఆయనకు రానేలేదు.

క్లాసు బయటికి రాగానే నేను ఎగిరినా. "వీని కండ్లు కాలిపోను! పా మే, పోయి అడుగుదాము. మా నాయనకు తంతి కొడతా. కాలేజీ కమిటీలో మా నాయనకు తెలిసినోళ్ళు ఉండారు. ఈ మనిషిని ఈడ ఉండనియ్యను" అని.

మేరి నా కాగితం అడిగింది. ఇచ్చినా. ఐదు కాడ 12, ఆరు కాడ 16. "ఇన్ని అంకెల్లో ఒక్కటి తప్పు లేదు. ఆదివారం తల నొస్తాంది అన్నావు గదా?" అనింది.

 అరిచేదానికి నాకు ఊరంత గొంతు ఉండె, ఒప్పుకునేదానికి లేకపాయ. ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత నేను ఇంకా గట్టిగా అరిచినా, ప్రొఫెసరు మీద. దొంగ ఎప్పుడూ అంతే గదా, పక్కోని మీద ఎగురుతాడు.

"మీ నాయన పేరు చెప్పి తెచ్చుకునే మార్కులు నాకొద్దు. నేను చీటీ రాస్తా" అనింది.

"చీటీ రాస్తే బాగా గట్టిగా రాయి. కాల్చి వాత పెట్టినట్ల ఉండాల."

"గట్టిగా రాస్తే నా కోపం చదువుతాడు. మెత్తగా రాస్తే లెక్క చదువుతాడు. నాకు లెక్క చదివేది కావాల."

శుక్రవారం స్కాలర్‌షిప్పు కాగితం పోవల్ల. మరుసటి దినం మంగళవారం. మధ్యాన్నం కూడు కూడా తినకుండా కూసోని రాసింది. ఇంగ్లీషులో రాసింది, నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. తెలుగులో చెప్తా.

"ప్రొఫెసర్ గారికి నమస్కారములు. సోమవారం తమరు తిరిగి ఇచ్చిన మూడో సెట్టులో నా రెండో ప్రశ్నను దయతో ఇంకొకసారి చూడవలెనని కోరుచున్నాను. మార్జినల్ కాస్టు అంకెలను నేను గీతల మీద కాక, రెండు గీతల నడుమ రాసినాను. ఆ ఖర్చు ఒక మెట్టు నుంచి ఇంకొక మెట్టుకు పోయేటప్పుడు పడేది గనుక అట్లు రాసినాను. పైన పేరు పెట్టకపోవుట నా తప్పు. తమరు ప్రతి అంకెనూ పైగీతకు చేర్చి చదివినట్లు బాణాల వలన తెలియుచున్నది. ఒక్క కూడిక చేసి చూడవలెనని ప్రార్థన. నాలుగు డజన్ల ఖర్చు 54కు సందులోని 12 కలిపితే, తమరు ప్రశ్నలో ఇచ్చిన ఐదు డజన్ల 66 వచ్చును. ఆ 12 నాలుగో డజనుదే అయినచో, మూడు డజన్ల 45కు కలిపినప్పుడు 57 రావలెను. తమరు ఇచ్చినది 54. ఐదో డజనుకు పడేది 12, వచ్చేది 14. ఆరో డజనుకు పడేది 16. అందువలన ఐదు వద్ద ఆపితిని. చూసిన పిమ్మట కూడా తప్పని తోచినచో మూడు మార్కులే ఉండనిండు. మార్కులు తమ చేతిలోనివి. అడుగున రాసిన ఒక్క మాట మాత్రం మార్కు కాదు, నా నడవడి. అది నిజము కాదు. దానిని కొట్టివేయవలెనని కోరుచున్నాను. మేరి."

నేను చదివినా. యాడా నా పేరు లేదు. "అమృతవల్లి నన్ను చూసి రాసింది" అని ఒక్క ముక్క రాస్తే ఆమె పని అయిపోతుండె. రాయలేదు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయినాయి. అయినా నోరు తెరవలేదు, చూడండి నా ఘనత!

బుధవారం మూడు గంటలకు ఇద్దరినీ కాగితాలు తీసుకొని రమ్మన్నాడు. ప్యూను పిలిచి లోపలికి పంపినాడు. బల్ల మీద మా రెండు కాగితాలూ పక్కపక్కన, దాని మీద మేరి చీటీ.

"ఏమమ్మా, గురువుకు కూడికలు నేర్పిస్తావా?" అన్నాడు.

"లేదు సార్. చెయ్యమని అడిగినాను" అనింది మేరి.

అబ్బా! గొంతు పైకి లేయలేదు, తల కిందికి వంచలేదు. ఊరికే నిలబడింది.

ఆయన ముఖం ఎర్రగా అయింది. పెన్ను తీసినాడు. మేరి కాగితం ముందుకు లాక్కొని, సందులోని అంకె ఒక్కొక్కటే పట్టుకొని కూడినాడు. 30కి 8, 38. 38కి 7, 45. 45కి 9, 54. 54కి 12 కాడ పెన్ను నిలిచిపోయింది. మళ్ళీ పై నుంచి కూడినాడు. నాకు ఆ మనిషి మీద ఎంత కోపమున్నా ఇది చెప్పాల, ఆయన రెండోసారి కూడినాడు. కూడకుండా తరిమేసే ప్రొఫెసర్లూ ఉంటారు.

"ఇట్లా ఎవరు నేర్పించారు నీకు? ఏ పుస్తకంలో ఉంది?"

"మా నాయన సార్. బాయిలరు కాడ పనిచేస్తాడు. గోడ మీద ఇట్లనే రాస్తాడు."

ఆయన బాణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేసినాడు. మార్జినల్ కాస్టుకు ఐదుకు నాలుగు వేసినాడు, పేరు పెట్టనందుకు ఒకటి కోసి. ఆపే ప్రశ్నకు రెండుకు రెండు. మొత్తం తొమ్మిది. కాగితం ముందుకు తోసి, "తీసుకో. ఇంక పోవచ్చు" అన్నాడు.

మేరి కాగితం ముట్టుకోలేదు. "ఆ మాట అట్లే ఉంది సార్."

"మార్కులు వేశాను కదా!"

"మార్కులు నేను అడగలేదు సార్. చూడమన్నాను. కొట్టేయమని అడిగింది ఆ మాట ఒక్కటే."

"చూడమ్మా" అని ఆయన రెండు కాగితాలనూ వేలితో తట్టినాడు. "రెండింట్లోనూ ఒకటే అంకెలు. చివరి వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఒకటే. నీ లెక్క సరైనదే కావచ్చు. కానీ ఒకరిది చూసి ఒకరు రాశారు. అది తేలేదాకా ఆ మాట ఉంటుంది. నడవడి కాగితం మీద నేనెట్లా సంతకం పెట్టేది? నువ్వు చెప్పు, ఈమె నిన్ను చూసి రాసిందా?"

అప్పుడన్నా చెప్తుందనుకున్నా. చెప్తే బాగుండునని కూడా అనుకున్నా, నాకు పని తప్పుతుంది గదా. మేరి నా దిక్కు కూడా చూడలేదు.

"నా లెక్క నేను చేసినాను సార్. దాని గురించి ఎంతసేపైనా చెప్తాను. వేరేవాళ్ళ లెక్క నన్ను అడగొద్దండి."

"అయితే ఆ మాట ఉంటుంది."

"అయితే నేను ఈడనే ఉంటాను సార్."

గంట కొట్టినారు. తర్వాతి క్లాసు మగపిల్లలు వాకిలి కాడ గుమిగూడి తొంగి చూస్తాండారు. మేరి కదల్లేదు. నెలకు పదహైదు రూపాయలు, ఆదోని రైలు, వాళ్ళ నాయన మసి చేతులు, అన్నీ ఆ బల్ల మీదనే ఉండాయి. ఒక్క మాట అంటే అన్నీ దక్కుతాయి. ఆ మాట ఆమె అనదు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆమె మీదా కాదు, నా మీదనే. థూ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

"నేను కొట్టినా సార్ కాపీ" అన్నా. వాకిలి కాడి వాళ్ళకు కూడా వినపడేటట్ల అన్నా. "ఆదివారం ఆమె చర్చికి పోతే డెస్కులో నుంచి తీసి చూసి రాసుకున్నా. ఆమెకు తెలియదు. సందుల్లో అంకెలు మీకు చదివేదానికి రాలేదు, నాకు వచ్చు. మా ఫ్యాక్టరీ గోడ అది. ఆమె కాగితం మీది మాట నాది. నాకియ్యండి."

 వాకిలి కాడ ఎవరో నవ్వినారు. నవ్వుకోనీ అనుకున్నా. ఆయన మేరి కాగితం మీది మాటను రెండుసార్లు కొట్టి, పక్కన సంతకం పెట్టినాడు. తర్వాత నా కాగితం తీసుకున్నాడు. పదిని కొట్టి సున్నా వేసినాడు. అడుగున అదే మాట, అదే ఎర్ర సిరాతో రాసి, రెండు గీతలు గీసినాడు.

"ఇది మీ నాన్నగారికి పంపుతాను" అన్నాడు.

"పంపండి" అన్నా. 

శుక్రవారం మేరి కాగితం మీద సంతకం పడింది. ఆ పై వారం మా నాయన కాడ నుంచి జాబు వచ్చింది. తిట్లు ఏమీ లేవు, ఒకటే మాట: "ఇశ్రాయేలుకు నేనే చెప్పినాను. ఆయన ముందర తల ఎత్తలేకపోయినాను." దానికన్నా నాలుగు తిట్లు తిట్టింటే బాగుండు. ఆ జాబు పట్టుకొని ఏడ్చినా.

ఆ రోజు వరండాలో మేరిని అడిగినా, "ఏం మే, ముందే నా పేరు రాసింటే ఏం పోతుండె? రెండు దినాలు నన్ను నంజుకొని తినింటివి గదా!"

"నీ పేరు చెప్పేది నా పనా?" అనింది. "నాది నేను అడిగినా. నీది నువ్వు చెప్పినావు. కాకపోతే రెండు దినాలు ఆలస్యం చేసినావు." చెప్పి, నా మొగం చూసి నవ్వింది. నాకు అప్పుడు ఊపిరి వచ్చింది.

తర్వాతి సెట్టు వచ్చినప్పుడు కాగితం పట్టుకొని మెట్ల మీద ఒక్కదాన్నే కూసున్నా. మేరి దగ్గరికి వస్తే "అవతల పో" అన్నా. పొద్దంతా తంటాలు పడినా. ప్రతి సందులోనూ అంకె రాసినా, గోడ మీది మాదిరే, పైన పేరు పెట్టి. దాంట్లో రెండు కూడికలు తప్పు, ఒక ప్రశ్న అసలు అర్థమే కాలేదు. ప్రొఫెసరు సందుల్లో అంకెలు సందుల్లోనే చదివినాడు, బాణాలు ఏమీ గీయలేదు. పదికి నాలుగు వేసినాడు.

మేరికి చూపించినా. కాగితం తిప్పి తిప్పి చూసింది, తప్పుల కాడ ఆగి, "ఇది ఎట్ల చేసినావో చెప్పు" అనింది. చెప్పినా. పూర్తిగా వినింది. విని, "నాలుగూ నీవే మే" అనింది.